లాండ్రీ కిలో రేటు పెంచాలి, పెద్ద హోటల్ చేజారకూడదు. ఎలా అడగాలి?

బాలానగర్_బాయిలర్
మాది బాలానగర్‌లో హోటళ్లకు, ఆసుపత్రులకు బట్టలు ఉతికే లాండ్రీ. నెలకు సుమారు 36,000 కిలోలు నడుస్తుంది. అందులో 14,000 కిలోలు గచ్చిబౌలి వైపున్న ఒకే హోటల్‌వి. మిగతావి చిన్న హోటళ్లు, సర్వీస్ అపార్ట్‌మెంట్లు, రెండు ఆసుపత్రులు. రేటు అందరికీ దాదాపు ఒకటే, కిలోకు 34 రూపాయలు, జీఎస్టీ అదనం.

ఈ రేటు కుదిరినప్పుడు మా ఖర్చు కిలోకు 27 పడేది. ఇప్పుడు 32 పడుతోంది. బాయిలర్‌కు వాడే బ్రికెట్లు, రసాయనాలు, జీతాలు అన్నీ పెరిగాయి. బోరు ఫిబ్రవరికే చేతులెత్తేసింది కాబట్టి నీళ్లు ట్యాంకర్ల మీదే. ఈ 32లో 14 రూపాయలు కిలో కిలోకూ అయ్యే ఖర్చు. మిగతా 18 జీతాలు, అద్దె, బ్యాంకు కిస్తీ. బట్టలు వచ్చినా రాకున్నా నెల తిరిగేసరికి కట్టక తప్పదు.

ఏప్రిల్ నుంచి అందరికీ 10 శాతం పెంచుతున్నామని ఉత్తరం సిద్ధం చేశాను. మా బావమరిది వాటాదారు. చిన్నవాళ్లకు పెంచుదాం, పెద్ద హోటల్ జోలికి వెళ్లొద్దు అంటాడు. ఉత్తరం రెండు వారాలుగా సొరుగులోనే ఉంది. మీరైతే ఏం చేస్తారు?

మొండిఘటం
పెంచండి. ఉంటే ఉంటారు, పోతే పోతారు. నష్టానికి ఉతకడానికి మనమేమన్నా ధర్మసత్రం పెట్టామా?

లెక్కలరాయుడు
దీనికి చిన్న లెక్క ఉంది, భయపడాల్సిన పని లేదు. ఇప్పుడు కిలోకు 34 వస్తోంది, కిలో కిలోకూ అయ్యే ఖర్చు 14, అంటే 20 మిగులుతోంది. 10 శాతం అంటే 3.40 పెంచితే మిగులు 23.40 అవుతుంది. 3.40ని 23.40తో భాగించండి, 14.5 శాతం వస్తుంది. మీ పనిలో ఏడో వంతు పోయినా ఇప్పటి లాభానికి ఢోకా లేదు. 10 శాతం పెంచితే ఏడో వంతు మంది పోతారా? పోరు. ఉత్తరం పంపండి.

ఇస్త్రీపెట్టె
కూకట్‌పల్లిలో మేం చొక్కాకు 15 తీసుకుంటున్నాం, పక్క వీధిలో 12కే చేస్తున్నారు. మేం కూడా కిలో లెక్కకు మారితే మంచిదంటారా? చీరలకు రోల్ పాలిష్ కూడా ఉంది.

మొండిఘటం
ఇస్త్రీపెట్టె గారూ, ఇక్కడ నెలకు ముప్పై ఆరు వేల కిలోల సంగతి నడుస్తోంది. చీరల సంగతికి వేరే చర్చ మొదలుపెట్టండి.

ఇస్త్రీపెట్టె
పెద్ద లాండ్రీ అయినా చిన్న లాండ్రీ అయినా బొగ్గు ఒకటే కదండీ.

సనత్‌నగర్_పాతకాపు
లెక్కలరాయుడు గారి లెక్కలో తప్పు లేదు, కానీ అది ఈ కేసుకు నప్పదు. వంద మంది చిన్న ఖాతాదారులు ఉన్నప్పుడు ఏడో వంతు పోవడం, పదో వంతు పోవడం అనే మాటకు అర్థం ఉంటుంది. ఈయన దగ్గర 14,000 కిలోలు ఒకే ముద్దగా ఉన్నాయి. ఆ హోటల్ ఏడో వంతు పోదు. ఉంటే మొత్తం ఉంటుంది, పోతే మొత్తం పోతుంది.

కాబట్టి లెక్క ఇలా వేయాలి. ఇప్పుడు నెలకు మిగిలేది 36,000 కిలోల మీద రెండేసి రూపాయలు, అంటే 72,000. పెంచిన తర్వాత అందరూ ఉంటే అది దాదాపు 1,94,000 అవుతుంది. హోటల్ ఒక్కటే పోయి మిగతా అందరూ పెంచిన రేటుకు ఉన్నారనుకోండి. 22,000 కిలోల మీద 23.40 చొప్పున 5,15,000 వస్తుంది. కట్టక తప్పని ఖర్చు 6,48,000. అంటే నెలకు 1,33,000 జేబులోంచి పోతుంది.

ఉంటే 1,22,000 ఎక్కువ వస్తుంది. పోతే ఇప్పటి స్థితి నుంచి 2,05,000 కిందికి దిగుతారు. వాళ్లు పోయే అవకాశం నూటికి 37 దాటిందని మీకు అనిపిస్తే ఆ ఉత్తరం సొరుగులోనే ఉండనివ్వండి. మీ బావమరిది భయం ఊరికే వచ్చింది కాదు.

అలాగని రేటు పెంచొద్దని నేను అనడం లేదు. ఉత్తరానికి ముందు మూడు విషయాలు చెప్పండి. ఆ హోటల్ నుంచి రోజుకు ఎన్నిసార్లు బట్టలు తెస్తారు? పంపేవి గదుల బట్టలేనా, ఫంక్షన్ హాల్‌వి కూడా ఉన్నాయా? మళ్లీ ఉతకమని తిరిగొచ్చేవి ఎన్ని?

లెక్కలరాయుడు
ఒప్పుకుంటాను, కానీ పూర్తిగా కాదు. హోటల్ పోతే జీతాల ఖర్చు అలాగే ఉంటుందా? మూడో వంతు మందిని తగ్గిస్తే మీరు చెప్పిన 1,33,000 నష్టం చాలావరకు పూడిపోతుంది.

సనత్‌నగర్_పాతకాపు
కాగితం మీద పూడుతుంది. వాషర్ దగ్గర పనిచేసేవారు మళ్లీ దొరుకుతారు. చేతి ఇస్త్రీ బాగా చేసేవాళ్లను ఒకసారి పంపించేస్తే పెళ్లిళ్ల కాలంలో కాళ్లు పట్టుకున్నా రారు. పైగా మనుషులను తగ్గించడానికి ఒకటి రెండు నెలలు పడుతుంది, అన్నాళ్లూ నష్టం మోయాలి.

బాలానగర్_బాయిలర్
పాతకాపు గారూ, రోజుకు రెండు ట్రిప్పులు. పొద్దున ఒకటి, హాల్లో ఫంక్షన్ ఉన్న రోజున రాత్రి పదకొండు తర్వాత ఇంకొకటి. నెలకు 14,000 కిలోల్లో హాలు బట్టలు సుమారు 2,500 ఉంటాయి. అందులో సగం కుర్చీ కవర్లు, మిగతావి టేబుల్ గుడ్డలు, నాప్కిన్లు. అన్నింటికీ అదే 34. తిరిగొచ్చేవి నూటికి ఆరు దాకా ఉంటాయి, ఉచితంగానే ఉతుకుతాం.

కొండాపూర్_క్యాంటీన్
మాది ఆఫీసులకు భోజనాలు పెట్టే పని. నా అనుభవం చెబుతాను. 2024 సెప్టెంబరులో వంటనూనెల దిగుమతి సుంకం పెంచారు, ముడి నూనె మీద సున్నా నుంచి 20 శాతానికి. నూనె డబ్బా ధర చూస్తుండగానే ఎగిరింది. మేం ప్లేటుకు నాలుగు రూపాయలు అడిగాం, కారణంగా నూనె ఒక్కటే చూపించాం. ఇచ్చారు. 2025 మే చివర్లో ముడి నూనె సుంకం 10 శాతానికి దించారు. వారం తిరక్కుండా వాళ్ల అడ్మిన్ మేనేజర్ పేపర్ కత్తిరింపు పట్టుకుని వచ్చి కూర్చున్నాడు. అప్పటికి కూరగాయలు, జీతాలు పెరిగి ఉన్నాయి. కానీ మా ఉత్తరంలో వాటి ప్రస్తావనే లేదు. మూడు రూపాయలు వెనక్కి ఇచ్చాం.

కారణం రాసేటప్పుడు జాగ్రత్తగా రాయండి. ఏ కారణం చూపి పెంచామో ఆ కారణం తగ్గితే వాళ్లు మర్చిపోరు.

మొండిఘటం
అందుకే కారణం రాయకూడదు. 'ఫలానా తేదీ నుంచి కొత్త రేటు ఇది' అని రాసి సంతకం పెట్టాలి.

స్టోర్స్_రిజిస్టర్
నేను అవతలి పక్క మనిషిని. హోటల్ కొనుగోళ్ల విభాగంలో పనిచేస్తాను (బాలానగర్ గారి హోటల్ కాదు లెండి). మొండిఘటం గారు చెప్పిన ఉత్తరం నా బల్ల మీదకు వస్తే మొదట చేసే పని ఇంకో ఇద్దరి దగ్గర కొటేషన్ తెప్పించడం. కోపంతో కాదు. కారణం లేని పెంపుదలను పైవాళ్లకు ఎలా చూపించాలి? ఫైల్లో మూడు కొటేషన్లు లేకపోతే ఆడిట్‌లో నన్ను అడుగుతారు.

ఇంకో సంగతి మీలో ఎవరూ ఎత్తలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల లోపు గదుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, దాంతోపాటు ఇన్‌పుట్ క్రెడిట్ కూడా పోయింది. అంతకు ముందు లాండ్రీ బిల్లు మీద కట్టిన 18 శాతాన్ని మేం వెనక్కి తీసుకునేవాళ్లం. ఇప్పుడు అది ఖర్చే. కిలోకు 34 అని మీరనుకుంటారు, మాకు పడేది 40.12. మీరు పైసా పెంచకుండానే మా లాండ్రీ ఖర్చు 18 శాతం పెరిగి కూర్చుంది. దాని మీద ఇంకో 10 శాతం అంటే మా మేనేజర్ ముఖం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

బాలానగర్_బాయిలర్
ఇది నాకు తట్టలేదు. వాళ్ల గదుల అద్దె ఎక్కువ రోజులు 5,500 నుంచి 6,500 మధ్యే ఉంటుంది. నవంబరు నుంచి వాళ్ల పర్చేజ్ ఆయన ప్రతి బిల్లునూ గీకి గీకి చూస్తుంటే మా మీద ఏదో అనుమానం వచ్చిందనుకున్నాను.

చిక్కడపల్లి_ఆడిటర్
స్టోర్స్ గారు చెప్పింది సరైనదే. ఆసుపత్రుల సంగతి అంతకు ముందు నుంచీ ఇంతే. వైద్య సేవలకు జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి లాండ్రీ మీద కట్టిన పన్నుకు వాళ్లకు క్రెడిట్ రాదు. రోజుకు 7,500 దాటిన గదులకు మాత్రం 18 శాతం పన్ను, క్రెడిట్ ఉంది. మీ ఖాతాదారుల్లో అలాంటివాళ్లు ఉంటే అదే పెంపుదల వాళ్లకు తేలిగ్గా ఉంటుంది. ఫంక్షన్ హాల్ ఆదాయం మీద పన్ను హోటల్‌ను బట్టి వేరుగా ఉండొచ్చు, అక్కడ ఊహించి మాట్లాడకండి, వాళ్ల అకౌంట్స్‌వాళ్లను అడగండి.

సనత్‌నగర్_పాతకాపు
ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. బాలానగర్ గారూ, మీ నష్టం గదుల దుప్పట్లలో లేదు, కుర్చీ కవర్లలో ఉంది.

మీ రోలర్ ఇస్త్రీ మెషీన్ దగ్గర ఇద్దరు నిలబడితే గంటకు వంద కిలోల దుప్పట్లు అవలీలగా పోతాయి. పీఎఫ్, ఈఎస్‌ఐ కలిపి మనిషికి గంటకు వంద రూపాయలు పడుతుందనుకోండి, ఇస్త్రీ కూలి కిలోకు రెండు రూపాయలు. అదే కుర్చీ కవర్ రోలర్‌లో పట్టదు, చేత్తో చేయాలి. ఒక మనిషి గంటకు ముప్పై చేస్తే కవర్‌కు 3.33 కూలి. కవర్ బరువు ఎంత? 200 గ్రాములు. అంటే కిలోకు దాదాపు 17 రూపాయలు ఇస్త్రీ కూలికే పోతోంది.

కవర్ ఒక్కంటికి మీకు వచ్చేది 6.80. ఇస్త్రీకి 3.33, నీళ్లు, ఆవిరి, రసాయనాలు, రవాణాకు 2.80. మిగిలేది 67 పైసలు. దాంట్లోంచే అద్దె, బ్యాంకు కిస్తీ, రాత్రి పదకొండు గంటల ట్రిప్పు తాలూకు డ్రైవర్ అదనపు కూలి వెళ్లాలి. మీరు ఆ కవర్లను డబ్బులిచ్చి మరీ ఉతుకుతున్నారు.

కిలో రేటు కుదుర్చుకునేటప్పుడు అందరూ దుప్పటిని దృష్టిలో పెట్టుకుంటారు. తర్వాత హోటల్ ఫంక్షన్ హాల్ తెరుస్తుంది, అవే సంచుల్లో కవర్లు కూడా వచ్చి పడతాయి. ఎవరూ మోసం చేయలేదు, పని మారింది, రేటు మాత్రం మారలేదు.

లెక్కలరాయుడు
కవర్‌ను పీసు లెక్కకు మార్చి 12 రూపాయలు అడగాలంటారా? అది కిలోకు 60 అవుతుంది. దాదాపు రెట్టింపు.

సనత్‌నగర్_పాతకాపు
అవును, 12. కిలో లెక్కన చూస్తే రెట్టింపులా ఉంటుంది, అందుకే కిలో లెక్కన చూపించకూడదు. టేబుల్ గుడ్డలు, నాప్కిన్లు కిలోకు 42. గదుల బట్టలకు ఒక్క రూపాయే, 35.

లెక్క చూడండి. కవర్లు 1,250 కిలోలంటే 6,250 పీసులు, పీసుకు 5.20 చొప్పున 32,500 అదనం. టేబుల్ గుడ్డల మీద 10,000. గదుల బట్టల మీద 11,500. మొత్తం 54,000. మీ ఉత్తరంలోని 10 శాతం అడిగితే ఈ హోటల్ నుంచి వచ్చేది 47,600. తక్కువ పెంచినట్టు కనిపిస్తూ ఎక్కువ వస్తోంది.

పైగా హోటల్లో ఈ రెండు ఖర్చులకూ వేర్వేరు ఖాతాలు ఉంటాయి. గదుల లాండ్రీని హౌస్‌కీపింగ్ బడ్జెట్ భరిస్తుంది, నిండిన గదికి ఎంత పడిందని నెలనెలా నిలదీస్తారు. హాలు బట్టల్ని ఫంక్షన్ ప్యాకేజీలో కలిపి పెళ్లివారి దగ్గర వసూలు చేసుకోవచ్చు. గదికి నాలుగు కిలోలు అనుకుంటే మీ పాత ఉత్తరం ప్రకారం గదికి పన్నుతో కలిపి 16 రూపాయలు పెరుగుతుంది. ఇలా అడిగితే 4.72 పెరుగుతుంది.

స్టోర్స్_రిజిస్టర్
ఈ పద్ధతి నా దగ్గరకు వస్తే వింటాను. ఒక షరతు. కవర్లకు ఇంత సమయం పడుతోందని నోటితో చెబితే చాలదు. ఒక నెల హాలు బట్టలను విడి సంచుల్లో తీసుకుని, విడిగా తూచి, పీసులు లెక్కపెట్టి, చలానా మీద మా హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ సంతకం తీసుకోండి. ఆ కాగితాలు ఉంటే నేను పైకి పంపగలను. లేకపోతే మీ మాటకు ఎదురుగా నా మాట అంతే.

12కు ఒప్పుకోను లెండి. 10 అంటాను.

మొండిఘటం
చూశారా, అడగకముందే బేరం మొదలైంది!

రాత్రిడ్యూటీ
నేను ఒక హోటల్ హౌస్‌కీపింగ్‌లో పనిచేశాను. ఒక చిక్కు చెబుతాను. పీసుకు 12 అనగానే మా మేనేజర్ చేసే పని కవర్లు తగ్గించడం. ఈ మధ్య చాలా హాళ్లలో కవర్ అక్కర్లేని కుర్చీలు వేస్తున్నారు. అప్పుడు ఆ 32,500 ఎక్కడి నుంచి వస్తుంది?

సనత్‌నగర్_పాతకాపు
రాకపోతే రానివ్వండి. కవర్లు మానేస్తే ఆ చేతి ఇస్త్రీ చేసేవాళ్లు వేరే పనికి దొరుకుతారు, రాత్రి ట్రిప్పు తగ్గుతుంది. 67 పైసలు మిగిలే పని పోతే ఏడవక్కర్లేదు. కానీ మీరు అన్నది నిజమే, 54,000 పూర్తిగా చేతికి వస్తుందని లెక్క రాసుకోకూడదు.

బాలానగర్_బాయిలర్
తిరిగొచ్చే ఆరు శాతం సంగతి? సగానికి పైగా పసుపు, గోరింటాకు, బూట్ల పాలిష్. ఇవి మా ఉతుకులో లోపం కాదు. వాటికి డబ్బులు అడగొచ్చా?

సనత్‌నగర్_పాతకాపు
అడగొచ్చు గానీ గొడవ పెట్టుకోకుండా అడగాలి. పసుపు సంగతి మీకు తెలిసే ఉంటుంది. క్షారం ఉన్న పౌడరు తగలగానే పసుపు మరక ఎర్రగా తిరుగుతుంది. హోటల్‌వాళ్లు దాన్ని చూసి మీ దగ్గరే కుంకుమో రంగో అంటిందనుకుంటారు. అదే గుడ్డను ఎండలో ఆరేస్తే చాలావరకు పోతుంది, కానీ రోజుకు వెయ్యి కిలోలకు పైగా ఉతికే చోట ఎండలో ఆరేసేదెక్కడ? కాబట్టి బట్టలు తీసుకునేటప్పుడే మరక ఉన్నవాటికి ముడి వేసి విడి సంచిలో పెట్టమనండి. ముడి వేసి పంపినవాటికి ప్రత్యేక రేటు, ముడి లేకుండా వచ్చి మరక మిగిలితే ఉచితం. మొదటి ఉతుకులో రోలర్ వేడి తగిలిన మరక తర్వాత వదలదని చెబితే వాళ్లే ముడులు వేయిస్తారు, దుప్పటి పాడైతే నష్టం వాళ్లదే కదా.

రాత్రిడ్యూటీ
పగలు గదులు సర్దే అమ్మాయిలకు ఒక్కొక్కరికి పద్నాలుగు, పదిహేను గదులు. ముడులు వేసే తీరిక వాళ్లకు ఉండదండీ. మొదటి వారం వేస్తారు, తర్వాత మానేస్తారు.

సనత్‌నగర్_పాతకాపు
అయితే మీ మనిషే హోటల్ బేస్‌మెంట్‌లో సంచులు కట్టే ముందు ఏరాలి. దానికి రోజూ ఒక అరగంట. అది కూడా ఖర్చే, ఒప్పుకుంటాను.

చిక్కడపల్లి_ఆడిటర్
బిల్లు డబ్బులు ఎన్ని రోజులకు వస్తున్నాయి?

బాలానగర్_బాయిలర్
75 రోజులు. అడిగితే సారు ఊళ్లో లేరంటారు.

చిక్కడపల్లి_ఆడిటర్
ఉద్యమ్ నమోదు ఉంటే 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్)గా ఉన్న నిబంధన మీకు పనికొస్తుంది. 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. గడువు దాటి, మార్చి 31 నాటికి కూడా కట్టకపోతే ఆ ఖర్చును వాళ్లు ఆ ఏడాది లెక్కలో చూపించుకోలేరు. సేవలందించేవారికి కూడా వర్తిస్తుంది. బెదిరింపుగా రాయకండి. బిల్లు మీద ఉద్యమ్ నంబరు అచ్చు వేయించి, వాళ్ల ఆడిటర్ కంటపడేలా చూడండి చాలు, మార్చి నెలలో ఫోను వాళ్లే చేస్తారు.

అయితే దీన్ని రేటుకు బదులు అనుకోకండి. ఆ హోటల్‌కు మీ నెల బిల్లు 4,76,000. ముప్పై రోజులు ముందుగా వస్తే, 12 శాతం వడ్డీకి ఓవర్‌డ్రాఫ్ట్ వాడుతున్నారనుకుంటే, మిగిలేది నెలకు 4,760. కిలోకు 34 పైసలు. బేరంలో కవర్ రేటు 12 నుంచి 11కు దిగాల్సి వస్తే, బదులుగా 45 రోజుల చెల్లింపు అడగడానికి ఇది అక్కరకొస్తుంది.

లెక్కలరాయుడు
ఆరు నెలల తర్వాత మళ్లీ ఇదే తలనొప్పి వస్తుంది కదా. ఏటా 5 శాతం పెరిగేలా ఒప్పందంలోనే రాయించుకుంటే పోలేదా?

కొండాపూర్_క్యాంటీన్
ఏటా 5 శాతం అంటే ఖర్చు 8 శాతం పెరిగిన ఏడాది మీరు మునుగుతారు, 2 శాతం పెరిగిన ఏడాది వాళ్లు వేరేవాళ్లను వెతుక్కుంటారు. మేం నూనె గొడవ తర్వాత ధరతో పాటు పైకీ కిందికీ కదిలే షరతు పెట్టుకున్నాం.

స్టోర్స్_రిజిస్టర్
కిందికి అన్న మాట ఉంటేనే నేను సంతకం పెట్టిస్తాను. పైకి మాత్రమే కదిలే షరతును మా పైవాళ్లు ఒక్క నిమిషంలో కొట్టేస్తారు.

సనత్‌నగర్_పాతకాపు
షరతు పెట్టేటప్పుడు అన్ని ఖర్చులనూ అందులోకి లాగకండి. మీ 35లో కూలి 11, ఇంధనం 3 అనుకుంటే ఆ రెండింటినే కదలనివ్వండి. కనీస వేతనాల కరువు భత్యం తెలంగాణలో ఏప్రిల్‌లో, అక్టోబరులో మారుతుంది. అది ప్రభుత్వం ప్రకటించేది, ఎవరూ వాదించలేరు. కరువు భత్యంతో కలిపి వేతనం 4 శాతం పెరిగిందంటే 11 మీద 44 పైసలు. అంతే కలుపుతారు. ఏడాదికి రెండుసార్లు చిన్నచిన్న పైసలు కదిలితే ఎవరికీ నొప్పి తెలియదు. మూడేళ్లు ఊరుకుని ఒక్కసారి 10 శాతం అంటేనే కొటేషన్లు తెప్పిస్తారు.

ఇంధనం విషయంలో ఒక జాగ్రత్త. వానాకాలంలో బ్రికెట్లు చెమ్మ పట్టి ఎక్కువ ఖర్చవుతాయి. టన్ను ధర పెరగకపోయినా మీ నెల బిల్లు పెరుగుతుంది. అది మీ షెడ్డు సమస్య, దాన్ని హోటల్ మీద రుద్దకూడదు. షరతులో టన్ను ధరనే రాయండి, నెల ఖర్చును కాదు.

ట్యాంకర్ నీళ్లను మాత్రం ఎలా పెట్టాలో నాకూ తెగడం లేదు. మార్చిలో ఒక ధర, మేలో ఇంకో ధర, ఆగస్టులో అసలు అక్కర్లేదు. ప్రైవేటు ట్యాంకర్ ధరకు ఆధారం చూపించడం కష్టం.

మొండిఘటం
వేసవి మూడు నెలలకు కిలోకు అర్ధ రూపాయి అదనం అని రాసేస్తే?

స్టోర్స్_రిజిస్టర్
మా హోటల్ కూడా ట్యాంకర్లు కొంటుంది, మేం అతిథి దగ్గర వేసవి సుంకం వసూలు చేస్తున్నామా? ఒప్పుకోం.

మొండిఘటం
అయితే అతిథిని మేలో స్నానం మానమనండి, మాకు టవళ్లు తగ్గుతాయి.

బాలానగర్_బాయిలర్
ఒక అప్‌డేట్. పాత ఉత్తరం పక్కన పెట్టాను. ఈ నెల మొత్తం హాలు బట్టలను విడి సంచుల్లో తెచ్చి, పీసులు లెక్కపెట్టి, సంతకాలు తీసుకున్నాం. కవర్లు నేను అనుకున్నదానికంటే ఎక్కువే ఉన్నాయి, 7,000 దాటాయి. మా ఇస్త్రీ మనిషి గంటకు ముప్పై చేయలేకపోతున్నాడు, శాటిన్ కుచ్చు ఉన్నవైతే ఇరవై రెండే.

చిన్న ఖాతాదారులకు ఏప్రిల్ నుంచి 36 అని రాశాను, ఒక సర్వీస్ అపార్ట్‌మెంట్ వెళ్లిపోయింది, మిగతావాళ్లు ఉన్నారు. ఆసుపత్రుల్లో ఒకదానితో సెప్టెంబరు దాకా ఒప్పందం ఉంది, అక్కడ ఇప్పుడు చేయగలిగిందేమీ లేదు.

పెద్ద హోటల్‌తో నిన్న కూర్చున్నాం. గదులకు 35 అంటే వాళ్ల హౌస్‌కీపింగ్ ఆవిడ తలూపారు. కవర్‌కు పర్చేజ్ ఆయన 9 అన్నారు. నేను 11కు దిగి, 45 రోజుల చెల్లింపు అడిగాను. పైవాళ్లను అడిగి చెబుతానన్నారు. వేరే లాండ్రీ కొటేషన్ ఒకటి చూపించారు, కిలోకు 31.

స్టోర్స్_రిజిస్టర్
31 చూసి కంగారు పడకండి. అందులో హాలు బట్టలు, రాత్రి ట్రిప్పు ఉన్నాయో లేదో అడగండి. సాధారణంగా ఉండవు. లాండ్రీ మార్చడం మాకూ తేలిక కాదు. ఆ రోజున గదుల్లో, స్టోర్‌లో, మీ దగ్గర, మెషీన్లలో ఉన్న ప్రతి దుప్పటినీ ఒకేసారి లెక్కపెట్టాలి. తేలని లెక్క ఎవరి నెత్తిన పడుతుందోనని మా హౌస్‌కీపింగ్ వాళ్లు రెండు నెలలు వాయిదా వేయిస్తారు.

లెక్కలరాయుడు
శాటిన్ కవర్లకు గంటకు ఇరవై రెండంటే కూలి 4.50 దాటుతుంది. కుచ్చు ఉన్నవాటికి 12 మీదే నిలబడండి, సాదావాటికి 10కి దిగండి. ఒకే సగటు రేటు పెడితే రేపు అన్నీ కుచ్చువే పంపుతారు.

బాలానగర్_బాయిలర్
ఇది బాగుంది. రెండు రకాలుగా రాసి సోమవారం పంపుతాను. మా బావమరిది మాత్రం 9కైనా ఒప్పేసుకోమంటున్నాడు.

ఇస్త్రీపెట్టె
కుచ్చు కవర్లు మాకు పంపండి, పీసుకు 6 చొప్పున ఇస్త్రీ చేసి పెడతాం. కూకట్‌పల్లి నుంచి బాలానగర్ ఎంత దూరం?

సనత్‌నగర్_పాతకాపు
ఇస్త్రీపెట్టె గారి మాట తేలిగ్గా తీసుకోకండి. మీ మనిషి గంటకు ఇరవై రెండే చేస్తే 4.50 కూలి, పైన పెళ్లిళ్ల కాలంలో ఓవర్‌టైమ్. రద్దీ రోజులకు మాత్రం బయట 6కు చేయించుకోవచ్చు. కాకపోతే శాటిన్‌కు వేడి ఎక్కువైతే మెరుపు పోతుంది. ముందు ఓ యాభై పంపి చూడండి.